రూపాయిలో ఎనభై ఐదు పైసలు

గోదావరి జిల్లాల్లో పేద పిల్లల కోసం హాస్టల్ నడిపే ఒక ట్రస్టును ఊహించుకుందాం. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దానికి విరాళాలుగా 32 లక్షలు, సొంత షాపుల అద్దె 6 లక్షలు, బ్యాంకు వడ్డీ 2 లక్షలు, అంతా కలిపి 40 లక్షల ఆదాయం. పుస్తకాల్లో ఖర్చు 31 లక్షలు. ఇది కాక హాస్టల్ పైకప్పు మీద 3 లక్షల 10 వేలు పెట్టి సోలార్ వాటర్ హీటర్లు బిగించారు. మొత్తం 34 లక్షల 10 వేలు. పెట్టాల్సిన 34 లక్షలూ పెట్టేశాం, పన్ను సమస్యే లేదని ట్రస్టీలు నిశ్చింతగా ఉన్నారు. ఆడిటర్ లెక్క కట్టి చూస్తే 4 లక్షలు తక్కువ తేలింది.

ముందు ఆ 34 లక్షలు ఎక్కడిదో చూడాలి. ఆదాయపు పన్ను శాఖలో రిజిస్టరైన ధార్మిక సంస్థకు సెక్షన్ 11 మినహాయింపు ఇస్తుంది, కానీ ఉత్తినే ఇవ్వదు. ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఏడాదే సంస్థ ఆశయాల కోసం ఖర్చు కావాలి. మిగిలిన 15 శాతాన్ని ఏ కారణమూ చెప్పకుండా, ఏ ఫారమూ నింపకుండా దాచుకోవచ్చు. ఒకప్పుడు ఈ వెసులుబాటు 25 శాతం ఉండేది. 2002 ఫైనాన్స్ చట్టం దాన్ని 15కి దించింది. ఈ శాతాన్ని దేని మీద కట్టాలన్న పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఖర్చు పోగా మిగిలిన దాని మీద కాదు, మొత్తం ఆదాయం మీదే కట్టాలని 2001లో కోర్టు తేల్చింది. అందుకే మన హాస్టల్ 40 లక్షల్లో 6 లక్షలు నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. కట్టడం కోసం శాశ్వత నిధిగా వాడమని దాత రాసిచ్చిన కార్పస్ విరాళం ఏదైనా ఉంటే, దాన్ని చట్టం చెప్పిన చోట విడిగా మదుపు చేసినంత కాలం ఈ 40 లక్షల్లో కలపక్కర్లేదు.

ఇక 4 లక్షల తేడా సంగతి.

పుస్తకాల్లోని 31 లక్షల్లో 2 లక్షలు భవనం మీద, మంచాల మీద వేసిన తరుగుదల. వాటిని కొన్న ఏడాదే పూర్తి ధరను ధార్మిక ఖర్చుగా చూపేశారు. ఒకే డబ్బును రెండోసారి చూపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆ 2 లక్షలు పోయాయి. ఇదే సూత్రం సోలార్ హీటర్లకు మేలు చేసింది. అది ఆస్తి కొనుగోలే అయినా హాస్టల్ కోసం కాబట్టి 3 లక్షల 10 వేలూ ఈ ఏడాది ఖర్చు కిందికే వస్తుంది.

రెండో కోత కిరాణా కొట్టు దగ్గర పడింది. ఫిబ్రవరి, మార్చి నెలల బియ్యం, పప్పుల బిల్లు లక్షన్నర. సరుకు వచ్చింది, పిల్లలు తిన్నారు, పుస్తకంలో ఖర్చు రాశారు. డబ్బు మాత్రం ఏప్రిల్‌లో ఇచ్చారు. 2022 ఫైనాన్స్ చట్టం తర్వాత, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చు లెక్కకొస్తుంది. మార్చి 31 నాటికి బాకీ ఉన్నది రాదు. చిన్న ట్రస్టులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చెక్కు రాయడం పది రోజులు ఆలస్యమైతే లక్షన్నర వచ్చే ఏడాదికి జారిపోతుంది.

మూడోది మరో రిజిస్టర్డ్ ట్రస్టుకు ఇచ్చిన 4 లక్షల విరాళం. 2023 సవరణ ప్రకారం ఇలాంటి విరాళంలో 85 శాతమే ఖర్చుగా చెల్లుతుంది. అంటే 3 లక్షల 40 వేలు. 60 వేలు కోత. డబ్బు ఒక ట్రస్టు నుంచి ఇంకో ట్రస్టుకు, అక్కడి నుంచి మరో ట్రస్టుకు తిరుగుతూ ప్రతి చోటా 15 శాతం మిగులుతూ పోవడాన్ని ఆపడానికే ఈ నిబంధన.

కూడికలూ తీసివేతలూ అయ్యాక మిగిలిన ఖర్చు 30 లక్షలు. కావాల్సింది 34. లోటు 4 లక్షలు.

చాలామంది భయపడేది మిగిలిన 10 లక్షల మీదా పన్ను పడుతుందేమోనని. అలా పడదు. ఆ 15 శాతం వాటా 6 లక్షలు భద్రం. పన్ను 4 లక్షల మీదే. అయితే దానికి మామూలు శ్లాబుల ఊరట ఉండదు. అనుమతి లేకుండా 15 శాతం మించి దాచిన ఆదాయాన్ని సెక్షన్ 115బీబీఐ విడిగా పట్టుకుంటుంది. నేరుగా 30 శాతం పన్ను. అంటే లక్షా 20 వేలు, దానిపై 4 శాతం సెస్ 4,800, కలిపి లక్షా 24 వేల 800.

ఈ మొత్తం కట్టకుండా ఉండటానికి చట్టం రెండు దారులు ఇచ్చింది. మన ట్రస్టుకు రెండూ పనికొస్తాయి. షాపుల అద్దెలో లక్ష రూపాయలు పుస్తకాల్లో ఆదాయంగా ఎక్కింది గానీ అద్దెదారు ఇంకా ఇవ్వలేదు. చేతికి రాని డబ్బును ఎలా ఖర్చు పెడతారు? ఫారం 9ఏ నింపితే ఆ లక్షను ఖర్చు చేసినట్టే భావిస్తారు. డబ్బు అందిన ఏడాదిలో గానీ ఆ మరుసటి ఏడాదిలో గానీ నిజంగా ఖర్చు పెట్టాలి. మిగిలిన 3 లక్షలతో ఆడపిల్లలకు కొత్త గది కట్టాలన్నది ట్రస్టీల ఆలోచన. దానికి ఫారం 10. గరిష్ఠంగా ఐదేళ్ల దాకా ఆ సొమ్మును కూడబెట్టుకోవచ్చు. ఉద్దేశం స్పష్టంగా రాయాలి. ‘ట్రస్టు ఆశయాల కోసం’ అని గుండుగుత్తగా రాస్తే పేచీ వస్తుంది. ‘బాలికల వసతి గది నిర్మాణం’ అని రాస్తే రాదు.

కూడబెట్టిన డబ్బు ఎక్కడ ఉంచాలన్నది కూడా ట్రస్టీల ఇష్టం కాదు. పోస్టాఫీసు, బ్యాంకు డిపాజిట్ల వంటి, సెక్షన్ 11(5) పేర్కొన్న చోట్లే ఉంచాలి. ఊళ్లో తెలిసినవారికి వడ్డీకి తిప్పడం, ప్రైవేటు చిట్టీలో వేయడం ఎంత నమ్మకమైన వ్యవహారమైనా ఇక్కడ చెల్లవు.

గడువు చిన్నదే గానీ ముంచేది అదే. రిటర్ను గడువుకు రెండు నెలల ముందే ఈ ఫారాలు వేయాలని చట్టం అంటుంది. ఆడిట్ అవసరమైన ట్రస్టులకు రిటర్ను గడువు సాధారణంగా అక్టోబర్ 31 కాబట్టి ఇది ఆగస్టు 31 అవుతుంది. రిటర్ను గడువులోపు వేసినా కూడబెట్టుకునే హక్కు పోదని 2023 మే నెలలో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్‌లో చెప్పింది. అదీ దాటితే సరైన కారణం చూపి, ఆలస్యాన్ని మన్నించమని కమిషనర్‌ను అడగాలి. ఆడిటర్లు మాత్రం ఆగస్టునే గడువుగా పెట్టుకుంటారు, అది తెలివైన పని.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి, 85 శాతం కొలబద్ద మాత్రం అలాగే ఉంది.

ఫారాలు వేయడంతో పని ముగియదు. అద్దె లక్ష వచ్చాక పెట్టే ఖర్చు 2024-25కి చెందినదిగానే చెల్లుతుంది. ఆ ఏడాది 85 శాతంలో దాన్ని మళ్లీ చూపకూడదు. గది కోసం దాచిన 3 లక్షలకూ ఇదే నియమం. దాన్ని ఇంకో ట్రస్టుకు విరాళంగా ఇచ్చినా కుదరదు. 2030 మార్చి 31 నాటికి గది కట్టకపోతే, ఖర్చు కాని మొత్తం 2029-30 ఆదాయంగా మారి, పైన చెప్పిన 30 శాతం పన్నుకు లోబడుతుంది. అందుకే ఏ ఏటి డబ్బు ఏ ఏట ఖర్చయిందో చూపే విడి పట్టికను ఆడిటర్లు అడుగుతారు. మన ట్రస్టు గుమాస్తా లెడ్జర్‌లో 2029-30 దాకా గళ్లు గీసి ఉంచుకోక తప్పదు.