చత్వారం వచ్చింది - ఏ కళ్ళజోడు కొనాలి?

పేపరు చదువుతూ చదువుతూ మీకు తెలియకుండానే చెయ్యి ముందుకు చాపుతున్నారా? సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలుస్తున్నారా? మందుసీసా మీది అక్షరాలు పగలు వాకిట్లో నిలబడితే కనిపించి, రాత్రి దీపం కింద కనిపించడం లేదా? మీ వయసు నలభై దాటి ఉంటే ఇది చాలావరకు చత్వారమే. జబ్బు కాదు. కంటి లోపల ఉండే కటకం చిన్నతనంలో మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే అది ఉబ్బుతుంది. ఏటేటా గట్టిపడుతూ వచ్చి, నలభై దాటాక ఆ ఉబ్బు చాలకుండా పోతుంది. ఎండ వెలుగులో కంటిపాప చిన్నదవుతుంది గనుక అక్షరం కాస్త తేటపడుతుంది, అంతే.

అరవై దగ్గరకు వచ్చేసరికి కటకం ఉబ్బడం దాదాపు ఆగిపోతుంది. అందుకే అద్దాల పవరు రెండు మూడేళ్ళకోసారి కొంచెం కొంచెం పెరిగి, ఆ వయసు దాటాక చాలామందిలో నిలబడిపోతుంది. "అద్దాలు పెట్టడం మొదలుపెట్టాను, ఇక పెరుగుతూనే ఉంది" అని వాపోయేవారున్నారు. పెట్టుకోకపోయినా అది పెరిగేదే.

డాక్టరు చీటీ రాసిచ్చాక అసలు చిక్కు కళ్ళజోళ్ళ షాపులో మొదలవుతుంది. "సింగిల్ విజన్ కావాలా, బైఫోకల్ కావాలా, ప్రోగ్రెసివ్ కావాలా?" అని అడుగుతారు. ఒకరు పక్కింటాయన పెట్టుకున్నదే కావాలంటారు. ఒకరు అన్నిటికంటే ఖరీదైనది మంచిదై ఉంటుందనుకుంటారు. రెండూ సరైన పద్ధతులు కావు. మీ కళ్ళు రోజంతా ఎంతెంత దూరంలో పనిచేస్తున్నాయో తెలిస్తే, ఏ అద్దం కావాలో దాదాపు తేలిపోతుంది.

ఒక గుమాస్తా సంగతి

చీరల దుకాణంలో లెక్కలు రాసే ఒకాయన నా దగ్గరకు వచ్చారు. వయసు నలభై ఎనిమిది. దూరపు చూపు చక్కగా ఉంది. ఆరు నెలల క్రితం బైఫోకల్ అద్దాలు తీసుకున్నారు. అప్పటినుంచి సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తోంది. రెండుసార్లు దుకాణం మెట్ల మీద కాలు తడబడింది. "పవరు తప్పు ఇచ్చారేమో చూడండి డాక్టరుగారూ" అన్నారు. చూశాను. పవరు తప్పు కాదు.

ఆ పవరు ఎలా వచ్చిందో మీరూ తెలుసుకోవచ్చు, లెక్క తేలికే. కళ్ళజోడు పవరును డయాప్టర్లలో కొలుస్తారు. ఒక మీటరును మీరు చూసే దూరంతో భాగిస్తే ఎన్ని డయాప్టర్ల శక్తి కావాలో వస్తుంది. ఈయన లెక్కల పుస్తకం కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే రెండున్నర డయాప్టర్లు కావాలి. అద్దాలు లేకుండా ఆయన అక్షరాన్ని దగ్గరకు తెచ్చుకోగలిగింది 50 సెంటీమీటర్ల వరకే. అంటే ఆయన కటకంలో మిగిలిన శక్తి రెండు డయాప్టర్లు. ఆ రెండింటినీ పొద్దస్తమానం వాడితే తలనొప్పి వస్తుంది. సగం వాడుకుని సగం చేతిలో ఉంచుకోవాలి. కాబట్టి ఆయన కన్ను హాయిగా ఇచ్చేది ఒక డయాప్టరు. తక్కువ పడ్డది ఒకటిన్నర. చీటీ మీద +1.50 అని ఉంది. సరిగ్గానే ఉంది.

మరి మెడ నొప్పి ఎందుకొచ్చింది? "ఇప్పుడు పుస్తకాలు తగ్గిపోయాయండీ, అంతా కంప్యూటరే" అన్నారాయన. కొలిస్తే ఆ తెర 65 సెంటీమీటర్ల దూరంలో, ముఖానికి ఎదురుగా ఉంది. బైఫోకల్‌లో దగ్గర చూపు కిటికీ ఉండేది అద్దం అడుగున. ఎదురుగా ఉన్న తెరను ఆ కిటికీలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. రోజుకు ఎనిమిది గంటలు గడ్డం ఎత్తి కూర్చుంటే మెడ ఊరుకుంటుందా?

మెట్ల సంగతీ అంతే. మెట్టు దిగేటప్పుడు కళ్ళు కిందికి వాల్చుతాం. అప్పుడు చూపు వెళ్ళేది ఆ కిటికీలోంచే. +1.50 కిటికీలో 67 సెంటీమీటర్ల కంటే దూరంలో ఉన్నది మసకగానే ఉంటుంది. మెట్టు ఉన్నది మీటరున్నర కింద. పైగా కిటికీ అంచు దాటగానే వస్తువు ఎగిరినట్టు చోటు మారి కనిపిస్తుంది. బైఫోకల్ పెట్టుకున్నవారు మెట్లు దిగేటప్పుడు కళ్ళు కాదు, తల వంచాలి. అప్పుడు పై భాగంలోంచి మెట్టు తేటగా కనిపిస్తుంది.

ఈయనకు నేను చెప్పింది సింగిల్ విజన్. అద్దమంతా ఒకటే +1.50, సగం ఎత్తు ఫ్రేములో. దానితో ఆయనకు 29 నుంచి 67 సెంటీమీటర్ల దాకా తేటగా ఉంటుంది. పుస్తకమూ తెరా రెండూ అందులోనే పడతాయి, గడ్డం ఎత్తే పని లేదు. ఎదుట ఖాతాదారు నిలబడితే ఫ్రేము మీదుగా చూస్తారు. దూరానికి పవరు లేదు గనుక అది చాలు. స్కూటరు ఎక్కేటప్పుడు అద్దాలు జేబులోకి పోతాయి. మెడనొప్పి నెల తిరక్కుండా తగ్గింది.

సింగిల్ విజన్ ఎవరికి?

దూరపు చూపు బాగుండి, కొత్తగా చత్వారం వచ్చినవారికి మొదటి జోడు ఇదే కావాలని నా అభిప్రాయం. చవక, వెడల్పయిన చూపు, అలవాటు పడాల్సింది ఏమీ లేదు. దీని లోపం ఒక్కటే: తలెత్తితే గోడగడియారం మసక. తీసి పెట్టడం, పెట్టి తీయడం, ఎక్కడ పెట్టామో ఇల్లంతా వెతకడం. (నెత్తి మీదే ఉంటుంది లెండి.)

చిన్నప్పటినుంచి మైనస్ అద్దాలు వాడేవారికి ఇంకో వెసులుబాటు ఉంది. మీకు మైనస్ ఒకటిన్నరో రెండో ఉంటే, చదివేటప్పుడు ఆ అద్దాలు తీసేయండి. మైనస్ ఒకటిన్నర ఉన్న కన్ను అద్దం లేకుండానే, +1.50 పెట్టుకున్న మామూలు కన్ను చూసినట్టే చూస్తుంది. అది పుట్టుకతో వచ్చిన చదువు అద్దం. అయితే రెండు కళ్ళ పవరులో చాలా తేడా ఉన్నా, సిలిండర్ పవరు ఎక్కువగా ఉన్నా ఈ ఉపాయం పనిచేయదు. బజారులో తయారుగా దొరికే చదువు అద్దాలకూ ఇదే హద్దు. వాటిలో రెండు పక్కలా ఒకే పవరు ఉంటుంది, సిలిండర్ ఉండదు.

బైఫోకల్

దూరానికీ పవరు ఉండి, పనిలో దూరమూ దగ్గరా రెండే ఉంటే బైఫోకల్ మంచి సాధనం. పాఠం చెప్పే మాస్టారికి చేతిలో పుస్తకం, ఎదురుగా పిల్లలు. మధ్యదూరంతో పని తక్కువ. ఇలాంటి అద్దాన్ని తాను వాడుతున్నట్టు అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఉత్తరం రాశాడు. మెట్ల తడబాటు తప్ప దాని సుగుణం నేటికీ చెక్కుచెదరలేదు: కిటికీ వెడల్పుగా, పక్కల వంకర లేకుండా ఉంటుంది.

షాపులో గుండ్రటి కిటికీ ఉన్న క్రిప్టాక్, పైన గీత ఉన్న డి బైఫోకల్ అని రెండు చూపిస్తారు. క్రిప్టాక్ గీత పైకి అంతగా కనబడదు, కాని కిటికీలోకి చూపు దిగగానే వస్తువు ఎక్కువగా ఎగురుతుంది. డి రకంలో ఆ ఎగురు తక్కువ. అందం కంటే మెట్లు ముఖ్యమనుకుంటే డి తీసుకోండి.

వయసు పెరిగినకొద్దీ బైఫోకల్‌కు ఇంకో ఇబ్బంది వస్తుంది. అరవైలో కటకంలో మిగిలేది ఒక్క డయాప్టరనుకోండి, అదనపు పవరు +2.50 అనుకోండి. ఆ శక్తినంతా కూడగట్టినా పై భాగంలోంచి మీటరు దాకానే తేట. కిటికీలోంచి 40 సెంటీమీటర్ల లోపలే హాయి. ఈ మధ్య జాగాలో పొయ్యి మీది గిన్నె, కంప్యూటరు తెర, కూరగాయల గంప ఉంటాయి. నలభై ఎనిమిదేళ్ళ గుమాస్తాకు ఈ ఖాళీ దాదాపు లేదు. అందుకే అంతగా వయసు పైబడనివారు దీని గురించి బెంగపడనక్కర్లేదు.

ప్రోగ్రెసివ్

ఆ ఖాళీని పూడ్చేది ప్రోగ్రెసివ్. ఫ్రాన్సులో బెర్నార్డ్ మేతెనాజ్ అనే ఇంజనీరు రూపొందించిన అద్దం 1959లో బజారులోకి వచ్చింది. పైన దూరపు పవరు, అడుగున దగ్గరి పవరు, నడుమ సన్నని దారి. ఆ దారి వెంట పవరు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. గీత ఉండదు, ఎగురు ఉండదు. కాని ఉచితంగా ఏదీ రాదు. దారికి రెండు పక్కలా అడుగు భాగంలో చూపు వంకరపోతుంది. తల తిప్పితే నేల తేలినట్టు అనిపిస్తుంది. అదనపు పవరు ఎంత ఎక్కువైతే ఈ వంకర అంత ఎక్కువ. అందుకే +1.25, +1.50 దగ్గర మొదలుపెట్టినవారు త్వరగా అలవాటు పడతారు, +2.50తో మొదలుపెట్టినవారు అవస్థపడతారు. దూరానికి పవరు ఉండి, ఆఫీసులో ఫైలూ తెరా ఎదుటి మనిషీ మూడూ చూసేవారికి ఇది తగినది. ఖరీదు బైఫోకల్‌కు కొన్ని రెట్లు.

ప్రోగ్రెసివ్ బాగులేదని మూలన పడేసినవారిలో చాలామంది విషయంలో తప్పు అద్దానిది కాదు, కొలతది. మీరు ఎంచుకున్న ఫ్రేమును మీ ముఖం మీద పెట్టి, నిటారుగా నిలబెట్టి, ఒక్కొక్క కంటిపాప ఎదుట అద్దం మీద గుర్తు పెట్టాలి. రెండు కళ్ళకూ ముక్కు నడిమి నుంచి దూరం విడివిడిగా కొలవాలి. ఇది చేయకుండా "పాత కొలతే వేస్తాం" అనే షాపులో ప్రోగ్రెసివ్ తీసుకోకండి. అద్దం మరీ పొట్టిగా ఉన్న ఫ్రేమూ వద్దు, చదివే భాగం కోతలో పోతుంది.

జోడు చేతికి వచ్చాక రెండు వారాలు పొద్దున లేచినప్పటినుంచి అదే పెట్టుకోండి, పాతది దాచేయండి. మొదటి రోజుల్లో మాత్రం వాహనం నడపకండి. రెండు వారాలైనా కుదరకపోతే గమనించండి. ఎదురుగా దూరం మసకగా ఉండి, గడ్డం దించితే తేటపడుతుంటే అద్దం ఎక్కువ ఎత్తులో బిగించారు. చదవడానికి గడ్డం మరీ ఎత్తాల్సివస్తే తక్కువ ఎత్తులో బిగించారు. పుస్తకంలో తేటగా కనిపించే చోటు ఒక పక్కకు జరిగి ఉంటే కళ్ళ దూరం కొలత తప్పింది. ఈ మాటలే షాపులో చెప్పండి. అద్దాన్ని వెలుతురుకు ఎత్తి వాలుగా చూస్తే 34 మిల్లీమీటర్ల ఎడంలో రెండు సన్నని చెక్కుడు గుర్తులు ఉంటాయి. కణత వైపు గుర్తు కింద అదనపు పవరు అంకె ఉంటుంది. చీటీతో సరిచూసుకోండి.

మధుమేహం ఉన్నవారు ఒక జాగ్రత్త పడాలి. రక్తంలో చక్కెర బాగా హెచ్చి ఉన్నప్పుడు, లేదా మందు మొదలుపెట్టి అది దిగుతున్నప్పుడు కంటి పవరు మారిపోతుంది. అప్పుడు కొలిచి చేయించిన జోడు కొన్ని వారాల్లో పనికిరాకుండా పోతుంది. చక్కెర కొన్ని వారాలపాటు ఒక స్థాయిలో నిలబడ్డాక చూపు పరీక్ష చేయించుకోండి. ఒక్క కంటికే చూపు తగ్గినా, ఉన్నట్టుండి తగ్గినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అది చత్వారం కాదు. కళ్ళజోళ్ళ షాపుకు కాదు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.