ప్రిన్సిపాల్ రెజ్యూమే: శాతం పక్కన సంఖ్య ఉండాలి

ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్ పోస్టుకు వచ్చే రెజ్యూమేల్లో ‘పదో తరగతిలో నూరు శాతం ఫలితాలు’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. పరీక్ష రాసింది 12 మందైనా, 120 మందైనా అది నూరు శాతమే. అందుకే కరస్పాండెంట్ మొదట అడిగేది ఎంతమంది రాశారని.

ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక స్కూలు అనుకుందాం. ‘మూడేళ్లలో పరీక్ష రాసినవారు 64 నుంచి 82కు పెరిగారు. అందరూ పాసయ్యారు. 600కు 500 దాటినవారు 19 నుంచి 34కు చేరారు’ అని రాస్తే పని కళ్లకు కడుతుంది. తొమ్మిదిలో ఎంతమంది ఉండేవారో కూడా చేర్చాలి. వెనకబడిన పిల్లలకు టీసీ ఇచ్చి పంపేసి సాధించిన నూరు శాతం అక్కడే బయటపడుతుంది.

అడ్మిషన్లకూ ఇదే లెక్క. 150 మంది కొత్తగా చేరి, టెన్త్ పూర్తిచేసినవారు కాక 110 మంది మధ్యలో వెళ్లిపోతే ఆ గొప్ప నిలవదు. చేరినవారు, వెళ్లినవారు, మొత్తం స్ట్రెంగ్త్ మూడూ ఇవ్వాలి.

సిబ్బంది గురించి ‘38 మంది టీచర్లు, ఏడాది మధ్యలో మానేసేవారు 9 నుంచి 3కు తగ్గారు’ అని రాసి, అందుకు ఏం చేశారో ఒక వాక్యంలో చెప్పాలి. తల్లిదండ్రుల విషయంలో మీటింగ్ హాజరు, ఫిర్యాదుకు ఎన్ని రోజుల్లో జవాబిచ్చారన్నది చాలు.

కోఆర్డినేటర్ అయితే తాను చూసిన తరగతుల లెక్కలే రాయాలి. స్కూలు మొత్తం ఫలితాన్ని తనదిగా చూపితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.