వెయిటింగ్ 31 నయమా, 12 నయమా?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ చూస్తే GNWL62/WL31 అని ఉందనుకోండి. అదే బండికి ఖమ్మం నుంచి రాజమండ్రికి చూసిన మీ ఫ్రెండ్‌కి PQWL14/WL12 అని వచ్చింది. ప్రయాణానికి ఇంకా 20 రోజులుంది. ఇద్దరిలో ఎవరికి బెర్తు దొరుకుతుంది? 12 చిన్న నంబర్ కదా అని చాలామంది ఫ్రెండ్ వైపే మొగ్గుతారు. నేనైతే 31 మీదే డబ్బు పెడతాను. ఎందుకో చూద్దాం.

ముందు ఆ రెండు అంకెల సంగతి. 62 అంటే ఆ రోజు బండికి వెయిటింగ్ టికెట్ల వరస నంబర్ అక్కడిదాకా వచ్చిందని. 31 అంటే ఇప్పుడు టికెట్ తీస్తే క్యూలో మనం నిలబడే చోటు. మధ్యలో తేడా కూడా 31. అంటే ఈ క్యూ ఇప్పటికే 31 చోట్లు ముందుకు కదిలింది. మనకి కావాల్సిన సమాచారం ఆ తేడాలోనే ఉంది. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి, ఆ కదలికంతా 40 రోజులలోపే జరిగింది. ఇక మిగిలిన 20 రోజుల్లోనే అసలు క్యాన్సిలేషన్లు వస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ కోత పెరుగుతుంది కాబట్టి, ప్లాన్ మారినవాళ్లు ఆఖరి కొద్ది రోజుల్లో గబగబా టికెట్లు వదిలేస్తారు.

క్యూ ఎలా కదులుతుందంటే, కన్ఫర్మ్ అయిన ఒకాయన టికెట్ రద్దు చేసుకుంటే ఆ బెర్తు ఆర్‌ఏసీలో మొదట ఉన్నవాళ్లకి వెళ్తుంది. వాళ్లు ఖాళీ చేసిన చోటుకి WL1 వస్తాడు. మన ముందున్న వెయిటింగ్‌వాళ్లు రద్దు చేసుకున్నా మనం ఒక అడుగు ముందుకే. కాబట్టి 31లో ఉన్నవాళ్లకి 31 అడుగులు పడితే ఆర్‌ఏసీ వస్తుంది. ఆర్‌ఏసీ అంటే సైడ్ లోయర్ బెర్తు మీద ఇద్దరు సర్దుకుని కూర్చోవడం. రాత్రంతా మోకాళ్లు ముడుచుకోవాల్సి రావచ్చు గానీ, బండైతే ఎక్కొచ్చు. పూర్తి బెర్తు కావాలంటే మన ముందున్న ఆర్‌ఏసీవాళ్లందరూ కూడా తేలాలి.

ఇప్పుడు ఫ్రెండ్ 12 సంగతి. GNWL అనేది ప్రధానంగా బండి మొదలయ్యే చోట ఎక్కేవాళ్ల క్యూ. సీట్లలో పెద్ద వాటా దీనికే ఉంటుంది. ఎక్కువ సీట్లుంటే రద్దయ్యేవీ ఎక్కువే. PQWL మధ్య స్టేషన్లవాళ్లు పంచుకునే చిన్న వాటా. అందులో ఉన్న కొద్దిమందే రద్దు చేసుకోవాలి, అప్పుడే క్యూ కదులుతుంది. 14కి 12 అంటే ఇప్పటిదాకా కదిలింది రెండడుగులే. RLWL కూడా ఇలాంటి చిన్న క్యూనే.

ఫ్రెండ్‌కి ఒక దారుంది. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికే టికెట్ తీసి, బుకింగ్‌లో బోర్డింగ్ స్టేషన్ దగ్గర ఖమ్మం పెట్టుకుని, రాజమండ్రిలో దిగిపోవచ్చు. ఛార్జీ కాస్త ఎక్కువే, కానీ పెద్ద క్యూలో చేరతాడు. అర్జెంటు ప్రయాణమైతే ఆ తేడా పెట్టడం దండగ కాదు.

తత్కాల్ వెయిటింగ్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే మామూలుగా డబ్బు రాదు, కాబట్టి వదిలేసేవాళ్లు తక్కువ. పైగా ఇందులో ఆర్‌ఏసీ మెట్టు లేదు. చార్టు వేసేటప్పుడు మిగిలిన సీట్లకి ముందు పిలిచేది GNWLనే.

లెక్క తప్పే సందర్భాలూ ఉన్నాయి. సంక్రాంతికి ఊరెళ్లే టికెట్‌ని ఎవరు రద్దు చేసుకుంటారు? పండగ ముందు రోజుల్లో మామూలు రోజుల అంచనా పనికిరాదు. యాప్‌లు చూపించే శాతాలు కూడా గతాన్ని చూసి వేసినవే. అందుకే బుక్ చేశాక రెండు మూడు రోజులకోసారి పీఎన్ఆర్ చూసి అంకె రాసిపెట్టుకోండి. 31 నుంచి పది రోజుల్లో 14కి దిగితే ధైర్యంగా ఉండొచ్చు. 27 దగ్గరే ఆగిపోతే అప్పుడే బస్సు చూసుకోవాలి.

చివరి మలుపు చార్టు. ఎమర్జెన్సీ కోటాలో వాడని బెర్తులు అప్పుడే బయటికొస్తాయి, కాబట్టి ముందు రోజు రాత్రి WL4 ఉన్నా ఆశ వదులుకోనక్కర్లేదు. ఇదివరకు ఈ చార్టు 4 గంటల ముందు వచ్చేది. 2025లో దాన్ని ముందుకు జరిపారు. సాయంత్రం బయల్దేరే గోదావరికి ఆ ఉదయమే సంగతి తేలిపోతుంది. అప్పటికీ WL అనే ఉంటే ఈ-టికెట్ దానంతటదే రద్దై డబ్బు వెనక్కొస్తుంది. దాంతో బండెక్కితే టికెట్ లేనట్టే లెక్క, ఫైన్ పడుతుంది. మర్నాడు పొద్దున్నే విశాఖలో పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటే, చార్టు వచ్చిన అరగంటలో బస్సు సీటు బుక్ చేసేయండి. అదే చార్టులో పేరు రానివాళ్లందరూ అప్పుడు బస్సుల మీదే పడతారు.