నాలుగో రోజు తర్వాతి మాత్రలు

పాడేరు ఏజెన్సీలో కాఫీ తోటలకు వెళ్లే ముప్పై ఏళ్ల మనిషి ఒకరున్నారనుకుందాం. వణుకుతో జ్వరం రావడం, చెమటలు పట్టి దిగడం, మళ్లీ రావడం. ఆశా కార్యకర్త వేలి కొస పొడిచి, రక్తపు చుక్కతో పరీక్ష చేస్తే వైవాక్స్ మలేరియా అని తేలింది. అరవై కిలోల మనిషికి మామూలుగా ఇచ్చే మందులు రెండు. మొదటిది క్లోరోక్విన్: తొలి రోజు నాలుగు మాత్రలు, రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు. రెండోది ప్రైమాక్విన్: రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు.

మూడో రోజుకల్లా జ్వరం దిగిపోయి, అన్నం రుచి తెలుస్తుంది. చిక్కు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఒంట్లో బాగున్నప్పుడు మరో పదకొండు రోజులు మాత్రలు మింగమంటే చాలామందికి మనసొప్పదు. పైగా పరగడుపున వేసుకుంటే ప్రైమాక్విన్ కడుపులో తిప్పేస్తుంది (అందుకే భోంచేశాక వేసుకోమంటారు). మాత్రల పట్టీ చూరులోకో, పెట్టె అడుక్కో చేరుతుంది.

ఆ రెండు మందులూ చేసే పని ఒకటి కాదు. క్లోరోక్విన్ రక్తంలో ఉన్న పరాన్నజీవులను చంపుతుంది. మనల్ని వణికించేవి అవే కాబట్టి జ్వరం తగ్గిన ఖ్యాతి దానికే దక్కుతుంది. వైవాక్స్ మాత్రం దోమ కాటుతో ఒంట్లో చేరగానే ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ కొన్ని పరాన్నజీవులు పెరిగి రక్తంలోకి దిగితే, మరికొన్ని కాలేయ కణాల్లోనే పెరగకుండా నిద్రపోతాయి. వాటి జోలికి క్లోరోక్విన్ వెళ్లలేదు. అవి ఉన్నాయో లేవో చెప్పే రక్తపరీక్ష కూడా లేదు. వారాలకో నెలలకో నిద్రలేచి, కొత్త దోమ ఏదీ కుట్టకపోయినా మళ్లీ జ్వరం తెస్తాయి. ‘మందు పనిచేయలేదు’ అని తిట్టుకునేది అప్పుడే. నిజానికి పనిచేయాల్సిన మందు పెట్టె అడుగున ఉండిపోయింది. నిద్రపోయే వాటిని చంపేది ప్రైమాక్విన్. మొత్తం మోతాదు లోపలికి వెళితేనే దాని ప్రభావం; సగం వేస్తే సగం జబ్బు పోతుందన్న లెక్క ఇక్కడ కుదరదు.

అయితే ఈ మందు కొందరికి పడదు. 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, స్టేట్‌విల్ జైలు ఖైదీలపై మలేరియా మందులను పరీక్షించారు. ఖైదీల మీద ఇలాంటి ప్రయోగాలు న్యాయమేనా అన్నది వేరే చర్చ, అదీ చిన్నదేం కాదు. ప్రైమాక్విన్ వేసుకున్న కొందరికి, ముఖ్యంగా నల్లజాతి ఖైదీల్లో కొందరికి, కొద్దిరోజుల్లోనే ఎర్రరక్త కణాలు పగిలి మూత్రం నల్లబడింది. తప్పు మందుదా, ఒంటిదా? పరిశోధకులు అలాంటి వారి రక్తకణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, ఏ ఇబ్బందీ లేని వారికి ఎక్కించి, వారికి ప్రైమాక్విన్ ఇచ్చారు. ఎక్కించిన కణాలే పగిలాయి. అంటే లోపం కణంలోనే ఉంది. 1956లో దాని పేరు తేలింది: జి6పిడి అనే ఎంజైమ్ కొరత.

ప్రైమాక్విన్ ఒంట్లో మారేటప్పుడు పుట్టే పదార్థాలు ఎర్రకణాలను ఆక్సీకరణంతో దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను కాచుకునే శక్తిని కణానికి ఇచ్చేది ఈ ఎంజైమే. అది కొరవడినవారు మామూలు రోజుల్లో ఆరోగ్యంగానే ఉంటారు, కాబట్టి తమలో ఆ లోపం ఉన్నట్టు వారికే తెలియదు. ఈ లోపం మలేరియా బాగా ఉన్న ప్రాంతాల్లోనే ఎక్కువ. మన దేశంలో గిరిజన సమూహాల్లో కనిపించే ఒక రకానికి ఒడిశా పేరే పెట్టారు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. మగవారికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే, కాబట్టి లోపం ఉంటే పూర్తిగా ఉంటుంది. ఆడవారిలో కొందరికి కొన్ని కణాలు బాగుండి, కొన్ని లోపంతో ఉంటాయి. ఉందా లేదా అని మాత్రమే చెప్పే పరీక్షలో వీరు మామూలువారిగా తేలిపోవచ్చు.

పరీక్షకు కొంచెం రక్తం చాలు. లోపం ఉందని తేలితే రోజువారీ మాత్రలకు బదులు, డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా వారానికోసారి చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి ఉంది. గర్భిణులకు, పసిపిల్లలకు ఈ మందు అసలివ్వరు. పరీక్ష లేకుండానే మందు మొదలుపెట్టిన చోట మూత్రం రంగు చూసుకోవాలి. అది డికాక్షన్‌లా నల్లబడినా, కళ్లు పచ్చబడినా, ఉన్నట్టుండి నీరసం, ఆయాసం వచ్చినా మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కణాలు పగిలిన వెంటనే చేసే పరీక్షను కూడా పూర్తిగా నమ్మలేం. లోపమున్న ముదురు కణాలు పోయి, ఎంజైమ్ ఎక్కువగా ఉండే లేత కణాలు మిగులుతాయి కాబట్టి ఫలితం మామూలుగా రావచ్చు. కొన్ని నెలలాగి మళ్లీ చేయాలి.

పద్నాలుగు రోజుల బెడద తప్పించడానికి ఒకే మోతాదుతో సరిపోయే టాఫెనోక్విన్ వచ్చింది. 2018లో అమెరికా దానికి అనుమతినిచ్చింది. ప్రైమాక్విన్‌తో తేడా చేస్తే రేపటి మాత్ర ఆపేయవచ్చు. టాఫెనోక్విన్ ఒకసారి మింగాక వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది, ఆపడానికి మరో మాత్రంటూ ఉండదు. అందుకే దాన్ని ఇచ్చే ముందు ఎంజైమ్ ఎంత శాతం ఉందో కొలిచి, 70కి పైన ఉంటేనే ఇవ్వాలంటారు.