తార్నాకలో పెట్టిన కార్డు ఏ బ్యాంకుకు వెళ్తుంది?

ఉస్మానియా విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ 500007. దాన్ని ఆనుకునే ఉన్న తార్నాకది 500017. ఎక్కడో ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి ఈ తేడాతో పని లేదు. మొదటి మూడంకెలు చూసి హైదరాబాద్ సంచిలో వేస్తే చాలు. చివరి మూడూ ఇక్కడికి చేరాకే అక్కరకొస్తాయి. బ్యాంకు కార్డు మీది అంకెలదీ ఇదే పద్ధతి. ముందున్నవి బ్యాంకును చెబుతాయి, తర్వాతివి ఆ బ్యాంకులో ఫలానా కార్డును చెబుతాయి, చిట్టచివరి అంకె మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో లెక్కకట్టి చూసుకోవడానికి. ముందు భాగాన్ని బ్యాంకుల వాళ్లు ‘బిన్’ అంటారు.

క్యాంపస్ హాస్టల్లో ఉండే ఒక విద్యార్థిని కొన్నేళ్ల కిందట తార్నాకలో 640 రూపాయల పుస్తకాలు కొన్నదనుకుందాం. ఆమె దగ్గరున్నది ఆంధ్రా బ్యాంకు ఇచ్చిన రూపే కార్డు. దుకాణంలోని మెషీన్ వేరే బ్యాంకు ఇచ్చింది. కార్డు లోపల పెట్టగానే మెషీన్ ముందు చిప్‌నే అడుగుతుంది, నువ్వు ఏ నెట్‌వర్క్ దానివని. రూపే చిప్ A0000005241010 అని జవాబిస్తుంది. చాలా రసీదుల మీద AID అన్న మాట పక్కన ఈ వరుస అచ్చయి ఉంటుంది. ఆ తర్వాతే మెషీన్ కార్డు నంబరు చదువుతుంది, పిన్ అడుగుతుంది.

ఇంతవరకూ ఏ బ్యాంకుకు పంపాలన్న నిర్ణయం జరగనే లేదు. మామూలుగా దుకాణంలోని మెషీన్ ఆ నిర్ణయం తీసుకోదు కూడా. ఎవరి కార్డు వచ్చినా అది తనను ఇచ్చిన బ్యాంకు కంప్యూటర్‌కే సందేశం పంపుతుంది. అందులో కార్డు నంబరు, పైసల్లో మొత్తం (000000064000 అని పన్నెండంకెల్లో), రూపాయికి గుర్తుగా 356 ఉంటాయి. అసలు వెతుకులాట ఆ కంప్యూటర్లో మొదలవుతుంది. దాని దగ్గర బిన్‌ల పట్టిక ఉంటుంది. ముందు ఇది మన కార్డేనా అని చూస్తుంది. మనదైతే బయటికి పోనక్కర్లేదు. కాకపోతే ఏ నెట్‌వర్క్‌దో చూసి అటు పంపుతుంది. రూపే కనక సందేశం దాన్ని నడిపే ఎన్‌పీసీఐకి వెళ్తుంది. అక్కడి పట్టిక బ్యాంకు పేరు తేలుస్తుంది.

ఇలా దారి మళ్లించే యంత్రాన్ని ‘స్విచ్’ అంటారు. దేశంలోని ఏటీఎంలను కలిపిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో మన హైదరాబాద్‌లోనే, మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ చేతుల్లో పుట్టింది. 2009లో దాన్ని ఎన్‌పీసీఐకి అప్పగించారు.

పట్టికలో వెతకడంలో ఒక మెలిక ఉంది. 65తో మొదలయ్యే వరుసల్లో చాలా భాగం అమెరికా డిస్కవర్‌వి, కానీ 6521 రూపేది. రెండంకెలు చూసి ఆగిపోతే సందేశం తప్పుదారి పడుతుంది. అందుకే స్విచ్ కార్డు నంబరుతో ఎక్కువ అంకెలు కలిసే వరుసనే ఎంచుకుంటుంది. ఒకప్పుడు బిన్ ఆరంకెలే. పదహారంకెల కార్డులో ఆరు పోను, చివరి అంకె పోను మిగిలిన తొమ్మిదింటితో ఒక్కో బిన్ కింద వంద కోట్ల నంబర్లు వస్తాయి. అన్ని కార్డులు ఏ బ్యాంకు ఇస్తుంది? ఇటు ఒక్కో బిన్ కింద నంబర్లు వృథా, అటు కొత్తగా ఇవ్వడానికి బిన్‌లే కొరత. 2017 అంతర్జాతీయ ప్రమాణంలో బిన్‌ను ఎనిమిదంకెలు చేశారు. ఇప్పుడు ఒక్కో బిన్‌కు కోటి నంబర్లు.

మన విద్యార్థిని కార్డు సంగతికి వద్దాం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆమె కార్డు మీద పాత పేరే ఉంది, అంకెలూ పాతవే. అయినా చెల్లింపు ఆగలేదు. బ్యాంకుల కంప్యూటర్లు ఒకటయ్యేదాకా ఆ బిన్ పాత గమ్యాన్నే చూపిస్తుంది. ఒకటయ్యాక పట్టికలో ఆ వరుస ఎదురుగా గమ్యం మారుస్తారు. లక్షల కార్డులు మార్చాల్సిన పని అక్కడ ఒక చిన్న దిద్దుబాటుతో తీరిపోతుంది. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

బలహీనతా అక్కడే ఉంది. ఒక బ్యాంకు కొత్త బిన్‌తో కార్డులిచ్చినప్పుడు దుకాణం వైపు బ్యాంకు తన పట్టికలో ఆ వరుస చేర్చుకోకపోతే, ఖాతాలో డబ్బున్నా కార్డు చెల్లదు. గుర్తుపట్టడం కష్టం కాదు. తిరస్కరణ క్షణాల్లో వస్తుంది, అదే మెషీన్‌లో మిగతా కార్డులు పనిచేస్తాయి, అదే కార్డు వేరే బ్యాంకు మెషీన్‌లో పనిచేస్తుంది, మీ బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్ రాదు. సందేశం అక్కడిదాకా చేరితే కదా! ఇలాంటప్పుడు వచ్చే కోడ్ సాధారణంగా 15 గానీ 92 గానీ అయి ఉంటుంది. 91 వస్తే మాత్రం దారి తెలిసింది గానీ అవతలి కంప్యూటర్ పలకలేదని అర్థం. దానికి ముందు మెషీన్ చాలాసేపు ఎదురుచూస్తుంది.

కాబట్టి కార్డు చెల్లలేదంటే వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేయకండి. స్క్రీన్ మీదో రసీదు మీదో ఉన్న కోడ్ చూడండి. 91 అయితే కాసేపాగి మళ్లీ పెట్టండి. 15, 92 అయితే మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు చెప్పమని దుకాణదారుణ్ని అడగండి. సరిదిద్దాల్సిన పట్టిక ఆ బ్యాంకు దగ్గరే ఉంటుంది.