చీకటి ఫొటోకు ఫ్లెక్సీ వెలుగు

పుట్టినరోజు ఫ్లెక్సీకని ఫోన్లో వచ్చే ఫొటో చాలాసార్లు సాయంత్రం వరండాలో తీసిందే అయి ఉంటుంది. మొహం నల్లగా, తెల్ల చొక్కా బూడిదరంగులో కనిపిస్తాయి. అనుభవమున్న డిజైనర్ దాన్ని పోస్టర్‌లో పెట్టేముందు ఫొటోషాప్‌లో లెవెల్స్ తెరుస్తాడు.

అందులో కొండలా కనిపించే గ్రాఫ్ హిస్టోగ్రామ్. ఎడమ చివర 0 అంటే కటిక నలుపు, కుడి చివర 255 అంటే స్వచ్ఛమైన తెలుపు. మన ఫొటోలో ఆ కొండ 170 దగ్గరే ఆగిపోయిందనుకుందాం. అంటే అందులో తెలుపన్నదే లేదు. ఫొటో వెలవెలబోవడానికి కారణం అదే. కుడివైపు తెల్ల స్లైడర్‌ను 175 దాకా జరిపితే చొక్కా తెల్లబడుతుంది. Alt నొక్కి జరిపితే తెర నల్లబడి, వివరాలు చెరిగిపోయే చోట్లు మాత్రమే మెరుస్తాయి. చొక్కా మడతల్లో మెరుపు మొదలవగానే ఆగాలి.

ఇక మొహం. దీనికి కర్వ్స్ కావాలి. ఏటవాలు గీతపై బుగ్గల ఛాయ ఉన్నచోట ఒక బిందువు పెట్టి కొంచెం పైకి లాగాలి. దానితోపాటు జుట్టు కూడా బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే గీత అడుగుభాగాన ఇంకో బిందువు పెట్టి, దాన్ని పాత చోటికే దించాలి. అప్పుడు మొహం వెలుగుతుంది, జుట్టు నల్లగానే ఉంటుంది.

మరీ లాగితే నీడల్లో రంగురంగుల చుక్కలు లేస్తాయి, బుగ్గలపై చారలు పడతాయి. ఫోన్ నమోదు చేయని వివరాన్ని ఏ గీతా తేలేదు. అసలు ఫొటో చెడకుండా ఈ మార్పులను అడ్జస్ట్‌మెంట్ లేయర్లుగా ఉంచితే, ఫ్లెక్సీ నమూనా ముద్ర చూశాక మళ్లీ సరిదిద్దవచ్చు.