వడ్డీ లేని నోటులో దాగిన వడ్డీ

ఒక రైస్ మిల్లు యజమాని కొత్త యంత్రం కొన్నాడనుకుందాం. చేతి నుంచి పైసా ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత 12,10,000 రూపాయలు చెల్లిస్తానని, వడ్డీ ఊసే లేని ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. మరి యంత్రం ఖరీదెంత? పన్నెండు లక్షల పదివేలని పుస్తకంలో రాస్తే తప్పే. రెండేళ్లు ఆగే అమ్మకందారు ఆ ఆలస్యం ఖరీదును ధరలోనే కలిపేశాడు.

నగదు ధర తెలిస్తే అదే ఖరీదు. తెలియకపోతే, ఇలాంటి అప్పుకు ఈ యజమానికి బ్యాంకు వేసే వడ్డీ రేటు చూడాలి. అది 10 శాతమైతే 12,10,000ను 1.10తో రెండుసార్లు భాగించాలి. వచ్చే 10,00,000 ప్రస్తుత విలువ, యంత్రం అసలు ఖరీదు. మిగిలిన 2,10,000 వడ్డీ.

ఆ వడ్డీని సగం సగం పంచకూడదు. మొదటి ఏడాది పది లక్షల మీద లక్ష; అది అప్పుకు కలిసి 11 లక్షలవుతుంది. రెండో ఏడాది దానిమీద 1,10,000. గడువునాటికి బాకీ సరిగ్గా నోటు మొత్తానికి చేరాలి. చేరకపోతే లెక్కలో ఎక్కడో పొరపాటుంది.

మొత్తాన్నీ యంత్రం ఖాతాలో వేస్తే, రెండేళ్లలో ఖర్చు కావాల్సిన వడ్డీ తరుగుదల రూపంలో యంత్రం ఆయుష్షంతా సాగుతుంది. మొదటి రెండేళ్ల లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.